సంత దాకా ఆగగలిగిన మాట

మన సంస్థలు కిశోర బాలికల శిక్షణల్లో ఫోను గురించి చెప్పే మాటలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి చూసుకుంటే అన్నీ ‘వద్దు’తోనే ముగుస్తాయి. నంబరు ఇవ్వద్దు. ఫోటో పంపద్దు. తెలియనివాళ్ళు పలకరిస్తే జవాబు చెప్పద్దు. రాత్రిపూట మాట్లాడద్దు. ఇవి అక్కర్లేని మాటలని ఎవరూ అనరు. కానీ ఇవి విన్న అమ్మాయే నాలుగేళ్ళ తర్వాత డిగ్రీ పూర్తిచేసి, పాడేరులో చిన్న ఉద్యోగంలో చేరి, ఒక అబ్బాయితో టీ తాగుతూ గంటసేపు కబుర్లు చెప్పి, అతను నచ్చాడనుకుని ఇంటికి వెళుతుంది. ఆ మర్నాడు సాయంత్రం ఆమెకి గానీ, అతనికి గానీ మన శిక్షణ ఒక్క వాక్యం కూడా అందించదు. ఇష్టం వుందని ఎదుటి మనిషికి ఎలా చెప్పాలి? చెప్పి, జవాబు కోసం ఆ మనిషిని తరమకుండా ఎలా వుండాలి? హక్కుల పత్రికలో చర్చించేటంత పెద్ద విషయమా ఇది అని కొందరు మిత్రులకి అనిపించవచ్చు. పెద్ద విషయమేనని నా అభిప్రాయం. మన దగ్గరకి వచ్చే వేధింపు కేసుల్లో కొన్నిటి మొదటి పేజీ ఈ మెసేజే.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి చనిపోయింది. నిందితులు ముగ్గురూ కొద్దిరోజులకే పోలీసు తూటాలకి చనిపోయారు. ఆ రోజుల్లో పత్రికలకి ‘ప్రేమోన్మాది’ అనే మాట బాగా అలవాటయింది. ఉన్మాదం అనేసరికి అది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే రోగం అయిపోతుంది. నిజానికి దాని వెనకాల వున్నది మామూలు అబ్బాయిలందరూ నేర్చుకుంటున్న పాఠమే. అమ్మాయి మౌనంగా వుంటే ఇంకొంచెం వెంటపడమని అర్థం, విసుక్కుంటే ఇంకా గట్టిగా పడమని అర్థం, చివరికి ఒప్పుకుంటే అతని పట్టుదల గెలిచినట్టు. మన సినిమాలు ఈ పాఠాన్ని తరాల తరబడి చెప్పాయి. దానికి ఎదురుగా ఒక మంచి పాఠం ఎవరు చెప్పారు? బడి చెప్పలేదు. ఇల్లు చెప్పలేదు. మనం కూడా ఆడపిల్లలకి జాగ్రత్తలు చెప్పి వూరుకున్నాం.

పాడేరుని ఉదాహరణగా తీసుకోవటానికి కారణం వుంది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి ముఖ్యపట్టణం అయిన తర్వాత చుట్టుపక్కల మండలాల నుంచి చదువులకీ ఉద్యోగాలకీ వచ్చి గదులు తీసుకుని వుండే యువతీ యువకుల సంఖ్య కళ్ళకి కనిపించేటట్టు పెరిగింది. వీళ్ళు ‘డేట్’ అనే మాట వాడరు. ‘కలిశాం’, ‘కూర్చుని మాట్లాడుకున్నాం’ అంటారు. కలవటమన్నది ఇక్కడ కొత్తగా వచ్చింది కాదు. వారపు సంత, థింసా, మోదకొండమ్మ జాతర యువతీయువకులు ఒకరినొకరు చూసుకునే చోట్లుగా వుంటూనే వచ్చాయి. పెద్దలు మాట్లాడి చేసే పెళ్ళితోపాటు ఇష్టపడినవాళ్ళు వెళ్ళిపోయి చేసుకునే పెళ్ళీ ఈ సమాజాల్లో వున్నదే. అలాగని పాతకాలం అంతా స్వేచ్ఛే అని చెప్పటం అబద్ధం. అమ్మాయిని ఎత్తుకుపోయి చేసుకునే పెళ్ళి కూడా ఆ జాబితాలోనే వుంది.

ఫోను వచ్చాక మారిందేమిటంటే, చుట్టూ చూసే నలుగురు లేకుండా పోయారు. సంతలో ఒక అబ్బాయి పలకరించినప్పుడు అమ్మాయి ముఖం తిప్పుకుని స్నేహితురాళ్ళ మధ్యకి వెళ్ళిపోతే అది జవాబే. అతనూ చూస్తాడు, నలుగురూ చూస్తారు. ఫోనులో ముఖం తిప్పుకోవటం కనిపించదు. కనిపించేది ఒక గీతే. వాట్సాప్‌లో ఒక టిక్కు వుంటే మెసేజ్ ఇటునుంచి బయలుదేరింది గానీ అటు చేరలేదని అర్థం. రెండు టిక్కులు పడితే ఆ ఫోనుకి చేరింది. అవి నీలంగా మారితే ఎవరో తెరిచి చూశారు. ఆ ‘ఎవరో’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. చూసింది ఆమే అని ఆ నీలం టిక్కులు చెప్పవు. పైగా టిక్కులు నీలంగా మారకుండా ఎవరైనా తమ ఫోనులో ఆపుకోవచ్చు కాబట్టి, నీలం కాకపోయినంత మాత్రాన చూడలేదనీ కాదు.

మన్యంలో ఈ గీతలని చదవటం ఇంకా కష్టం. 2023 జూన్‌లో రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాల్లో ఒకేసారి 100 సెల్ టవర్లు ప్రారంభిస్తే వాటిలో 85 ఈ ఒక్క జిల్లాలోవే. అప్పటిదాకా ఎంత కొరత వుండేదో ఆ లెక్కే చెబుతుంది. ఇవాళ పరిస్థితి మెరుగైంది గానీ, టవరుకీ వూరికీ మధ్య ఒక కొండ అడ్డం వస్తే చాలు, బడి దగ్గర మిట్ట మీదో, వూరి బయట చింతచెట్టు కిందో నిలబడితే తప్ప సిగ్నల్ అందని వూళ్ళు ఇంకా వున్నాయి. ఇక ఫోను ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే ఫోను వున్నవాళ్ళు సగం మంది కూడా లేరు. మిగిలినవాళ్ళ చేతిలో కనిపించేది నాన్నదో, అన్నదో, భర్తదో. ఉద్యోగం చేసి సొంత ఫోను కొనుక్కున్న అమ్మాయి కూడా సెలవుకి ఇంటికి వెళితే ఆ ఫోను ఆటల కోసం తమ్ముడి చేతిలోకి వెళుతుంది.

ఈ పరిస్థితుల్లో ఒక జంటని ఊహించుకుందాం. ఆమెకి ఇరవై రెండేళ్ళు. నర్సింగు చదివి పాడేరులో పనిచేస్తోంది. సొంతవూరు పెదబయలు మండలంలో కొండవాలున వున్న చిన్న పల్లె. అతనికి ఇరవై నాలుగు, కాఫీ తోటలకి సంబంధించిన తాత్కాలిక ఉద్యోగం. ఇద్దరూ ఆదివాసులే. ఒక శనివారం మధ్యాహ్నం బస్టాండు దగ్గర హోటల్లో టీ తాగుతూ గంటన్నర మాట్లాడుకున్నారు. మొదటి పది నిమిషాల్లోనే ఇంటిపేర్లు అడిగి తెలుసుకున్నారు. ఆమెది పాంగి, అతనిది కొర్ర. వంశాలు వేరు కాబట్టి అన్నాచెల్లెళ్ళ వరస కాదు. ‘మీరు’ అనే మాట్లాడుకున్నారు. నాలుగింటికి ఆమె ఇంటికి వెళ్ళే జీపు ఎక్కింది. నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు.

ఆ రాత్రి ఏడుగంటలకి అతను ఇలా రాశాడనుకుందాం: ‘ఇంటికి చేరావా?’ ఇరవై నిమిషాలకి: ‘చేరావా లేదా?’ ఎనిమిదిన్నరకి: ‘ఆన్‌లైన్‌లోకే రాలేదేంటి?’ ఆ తర్వాత మూడు కాల్స్. పదింటికి: ‘నేనేమైనా తప్పుగా మాట్లాడానా? ఒక్క మాట చెప్పు, లేకపోతే నాకు నిద్ర పట్టదు.’ పదకొండింటికి: ‘సరేలే, నేను నచ్చలేదని అర్థమైంది.’ పొద్దున్న ఆరింటికి: ‘సారీ. రాత్రి ఏదో బాధలో రాశాను. మన వరస కుదిరింది కదా, మా అమ్మకి కూడా నీ గురించి చెప్పేశాను.’

ఈ ఆరు మెసేజ్‌లు పంపినంతసేపూ అతని ఫోనులో ఒక్క టిక్కే వుంది. అంటే ఒక్కటీ ఆమెకి చేరలేదు. ఆదివారం ఉదయం ఆమె తమ్ముడు ఫోను పట్టుకుని బడి మిట్ట ఎక్కాడు. ఆరు మెసేజ్‌లూ, మిస్డ్ కాల్ కబుర్లూ ఒక్కసారిగా, టంగు టంగుమంటూ, అతని చేతిలో వచ్చి పడ్డాయి. తమ్ముడు చదివాడు, అమ్మకి చెప్పాడు. ఆమె సాయంత్రం దాకా వివరణలు ఇచ్చుకుంటూ గడిపింది. అతను దుర్మార్గుడు కాడు. తిట్టలేదు, బెదిరించలేదు, బూతు రాయలేదు. అయినా ఆ ఆరు మెసేజ్‌ల్లో ఒత్తిడి ఎన్ని రూపాల్లో వుందో విడదీసి చూడటం మనకి అవసరం.

మొదటిది సంబోధన. హోటల్లో ‘మీరు’ అన్న మనిషి మూడుగంటల్లో ‘నువ్వు’లోకి దిగాడు. ఆమె అనుమతి లేకుండా దగ్గరితనాన్ని ప్రకటించుకున్నాడు. రెండవది లెక్క అడగటం. ఆన్‌లైన్‌లోకి ఎందుకు రాలేదని అడిగేసరికి ఆమె సమయానికి తను యజమాని అయినట్టు మాట్లాడాడు. మూడవది తన నిద్రని ఆమె చేతిలో పెట్టటం. ఒకసారి టీ తాగిన మనిషి నిద్రకి బాధ్యత వహించాల్సిన అవసరం ఆమెకి ఏముంది? అయినా ఆడపిల్లలకి ఇంట్లో చిన్నప్పటి నుంచి నేర్పేది ఇదే కదా, ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా చూసుకోవటం. ఆ అలవాటు మీదే ఈ వాక్యం బరువు పెడుతుంది. నాలుగవది ఆమె మాట్లాడకముందే ఆమె జవాబుని తనే చెప్పేసుకోవటం. ఇప్పుడు ఆమె అతన్ని వోదార్చాలి, లేదా ఆ నింద మొయ్యాలి. చివరిది అన్నిటికంటే బరువైనది, వరస మాట. మేనరికాలు బలంగా వున్నచోట వరస కుదిరిందంటే హక్కు వచ్చినట్టే అనుకునే అలవాటు వుంది. వరస కుదరటం వేరు, మనసు కుదరటం వేరు. వరస అనేది పెళ్ళికి అడ్డం లేదని మాత్రమే చెబుతుంది, ఇష్టం వుందని చెప్పదు. పైగా అమ్మకి చెప్పటంతో ఇద్దరి మధ్య వున్న విషయం రెండు ఇళ్ళ విషయం అయింది. ఇక ఆమె కాదంటే ఒక్క అబ్బాయిని కాదన్నట్టు కాదు, ఒక కుటుంబాన్ని కాదన్నట్టు అవుతుంది.

ఇప్పుడు అదే అబ్బాయి, అదే ఇష్టం. ఆ రాత్రి ఏమీ రాయలేదు. ఆమె ప్రయాణంలో వుంటుందనీ, ఇంట్లోవాళ్ళ మధ్య వుంటుందనీ అతనికి తెలుసు. బెట్టుగా వుంటే విలువ పెరుగుతుందని స్నేహితులు చెప్పే లెక్కతో దీనికి సంబంధం లేదు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి ఇలా రాశాడు:

‘నిన్న మీతో మాట్లాడటం నాకు చాలా బాగుంది. మీ హాస్టల్ వంటమనిషి కథ గుర్తొచ్చి ఇవాళ కూడా నవ్వుకున్నాను. మీకూ ఇష్టమైతే మళ్ళీ ఒకరోజు కలవాలని వుంది. తొందరేమీ లేదు, మీకు కుదిరినప్పుడే చెప్పండి.’

నాలుగే వాక్యాలు. మొదటి వాక్యం తన అనుభవాన్ని తన పేరు మీదే చెబుతోంది. ‘నేను మీకు నచ్చానా’ అని అడగటం లేదు. రెండవది ఆమె చెప్పిన ఒక మాటని గుర్తుపెట్టుకుంది. అంటే అతను విన్నాడు. అందం గురించిన పొగడ్త ఎవరికైనా పంపొచ్చు గానీ ఈ వాక్యం ఆమెకి తప్ప ఇంకొకరికి పంపలేనిది. మూడవది కోరికని స్పష్టంగా చెప్పింది. ఈ స్పష్టత చాలా ముఖ్యం. ఒత్తిడి పెట్టకూడదు అనగానే కొందరు ‘ఏం చేస్తున్నారు’, ‘తిన్నారా’ అంటూ ఏదీ తేల్చని కబుర్లలోకి వెళతారు. అది ఒత్తిడి తగ్గించటం కాదు. అతని మనసులో ఏముందో వూహించుకునే పని ఆమె నెత్తిన పెట్టటం. కోరిక తెలిస్తేనే కదా అవుననో కాదనో అనగలిగేది! నాలుగో వాక్యం సమయాన్ని ఆమె చేతిలో పెట్టింది. మొత్తం మెసేజ్‌లో ప్రశ్నార్థకం ఒక్కటి కూడా లేదు. ఈ రాత్రికే జవాబు కావాల్సిన మాట ఏదీ లేదు. తమ్ముడు చదివినా ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇష్టం గురించిన మాట కాబట్టి ఇంట్లో ప్రశ్నలు రావచ్చు, అది వేరు. కానీ ఆమె ఏదో మాట ఇచ్చేసిందని గానీ, ఏదో దాచిందని గానీ అనిపించే పదం ఒక్కటి కూడా లేదు.

ఆ ప్రశ్నలు కూడా రాకుండా చూడాలంటే పని మెసేజ్ దగ్గర కాదు, హోటల్లోనే మొదలుకావాలి. ‘మీకు మెసేజ్ పెట్టొచ్చా, మీ ఫోను ఇంకెవరైనా చూస్తారా’ అని అక్కడే అడగొచ్చు. అన్నిటికంటే తేలికైన పద్ధతి ఇంకొకటి వుంది. ఆమె నంబరు తీసుకోవటానికి బదులు తన నంబరు ఇచ్చి రావటం. అప్పుడు మిట్ట ఎక్కే సమయం, ఫోను తన చేతిలో వుండే సమయం ఆమెకే తెలుసు కాబట్టి మొదటి మాట ఎప్పుడు రావాలో ఆమే నిర్ణయిస్తుంది. ఇందులో అబ్బాయికి ఒక నష్టం వుంది. ఆమె ఎప్పటికీ రాయకపోవచ్చు. ఆ నష్టాన్ని భరించటానికి సిద్ధపడటమే ఒత్తిడి పెట్టకపోవటం అంటే.

మెసేజ్ పంపాక అసలు పరీక్ష మొదలవుతుంది. జవాబు రాలేదు. ఎంతకాలం ఆగాలి? మన్యంలో చాలా పనులకి సంత నుంచి సంతకి లెక్కపెట్టటం అలవాటు. ఇక్కడా ఆ లెక్కే మంచిదని నా అభిప్రాయం. వారం తిరిగేలోపు ఆమె ఒకసారైనా సిగ్నల్ అందే చోటికి వస్తుంది, తనకంటూ కొంత సమయం దొరుకుతుంది, ఆలోచించుకుంటుంది. ఒక్క టిక్కే వుంటే రెండో మెసేజ్‌తో పని లేదు. మొదటిదే తర్వాత చేరవచ్చు. రెండు టిక్కులు పడి వారం దాటితే ఇంకొక్కసారి మామూలు పలకరింపు చెయ్యటంలో తప్పులేదు. దానికీ జవాబు రాకపోతే అదే జవాబు. అక్కడితో ఆగిపోవాలి. స్నేహితుడి ఫోను నుంచి పెట్టటం, ఆమె గదిలో వుండే అమ్మాయిని అడగటం, జీపులు ఆగే చోట నిలబడటం, ఇవన్నీ మెసేజ్‌ల లెక్కలోకే వస్తాయి. మనిషి మారినా తరమటం మారదు.

చట్టం ఈ చోటే అడుగుపెడుతుంది. ఢిల్లీ ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ నివేదిక వెలువడిన 2013లోనే భారత శిక్షాస్మృతిలో 354డి చేరింది. వెంటపడటం మొదటిసారిగా ఒక ప్రత్యేక నేరం అయింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. స్త్రీ తనకి ఆసక్తి లేదని స్పష్టంగా సూచించిన తర్వాత కూడా పరిచయం పెంచుకోవటానికి మళ్ళీ మళ్ళీ వెంటపడటం, సంప్రదించటం, అందుకు ప్రయత్నించటం నేరం. ఆమె ఇంటర్నెట్, ఫోను వాడకంపై నిఘా పెట్టటం కూడా నేరమే. మొదటిసారి రుజువైతే మూడేళ్ళ దాకా జైలు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ దాకా. మొదటిసారి నేరానికి బెయిలు హక్కుగా దొరుకుతుంది. అంటే ఫిర్యాదు చేసిన అమ్మాయి అదే జీపులో, అదే సంతలో అతన్ని మళ్ళీ చూడాల్సి వస్తుంది. మనం కేసు పెట్టించేముందు ఆమెకి ఈ సంగతి చెప్పాలి.

వెంటపడటం, సంప్రదించటం గురించిన కేసు ఆ సెక్షనులో రెండు మాటల మీదే నిలబడుతుంది. ‘మళ్ళీ మళ్ళీ’ అన్నది ఒకటి, ‘స్పష్టంగా సూచించిన తర్వాత’ అన్నది రెండవది. స్పష్టత అంటే ఏమిటో సెక్షను విడమర్చి చెప్పలేదు. అందుకని ఆమె కాదన్న మాట కాగితం మీదో ఫోనులోనో వుండటం ఎంతో మేలు. ‘బిజీగా వున్నాను’ అన్న మాటని అబ్బాయి ‘ఖాళీ అయ్యాక అడుగు’ అని చదువుకుంటాడు. ‘మా ఇంట్లో ఒప్పుకోరు’ అన్న మాటని ‘ఇంట్లో ఒప్పిస్తే సరే’ అని చదువుకుంటాడు. అమ్మాయిలు ఆ మాటలే ఎందుకు వాడతారో మనకి తెలుసు. సూటిగా కాదంటే ఏం చేస్తాడో అన్న భయం వుంది కాబట్టి ఇంటి పేరు చెప్పి తప్పుకుంటారు. ఆ భయం నిజమైనదే, అందుకు ఆమెని తప్పుపట్టకూడదు. భయం లేనిచోట మాత్రం ఇలా రాయటం మంచిది: ‘మీతో మాట్లాడటం బాగుంది. కానీ దీన్ని ముందుకి తీసుకెళ్ళటం నాకు ఇష్టం లేదు. ఇకమీదట మెసేజ్‌లు పెట్టద్దు.’ ఇందులో క్షమాపణ లేదు, కారణం లేదు. కారణం చెబితే దాని మీద వాదనకి దిగుతారు. ఈ మెసేజ్‌నీ, ఆ తర్వాత అతను పంపినవాటినీ తుడిచెయ్యకుండా వుంచుకోవాలి. విసుగుతోనో భయంతోనో అంతా తుడిచేసి మన దగ్గరకి వస్తే, తర్వాత రుజువు చెయ్యటం చాలా కష్టం.

అమ్మాయి కాదనటం గురించే మాట్లాడితే మన పాత ‘వద్దు’ల జాబితాకి ఇంకొకటి కలిపినట్టే అవుతుంది. ఆమెకి ఇష్టమైతే? ముందు తను రాయటం తేలికతనమని మన ఇళ్ళలో ఒక అభిప్రాయం వుంది. ఉద్యమాల్లో వున్న మనలోనూ అది పూర్తిగా పోలేదు. ఆమె ఇలా రాయొచ్చు: ‘నిన్నటి కబుర్లు నాకు నచ్చాయి. వచ్చే నెల మొదటి వారంలో నాకు సెలవుంది. మీకు ఇష్టమైతే అప్పుడు కలుద్దాం. ఇంట్లో వున్నప్పుడు ఫోను చెయ్యకండి, నేనే చేస్తాను.’ ఇష్టం చెబుతూనే తన షరతు చెప్పింది. షరతు పెట్టటం అంటే ఇష్టం తక్కువైనట్టు కాదు. ఆ షరతుని అబ్బాయి ఎలా తీసుకున్నాడన్నది ఆమెకి రెండో సమావేశానికి ముందే చాలా సంగతులు చెబుతుంది. ‘ఎందుకు చెయ్యకూడదు’ అని అడిగేవాడికీ, ‘సరే’ అనేవాడికీ మధ్య తేడా ఆమె గమనించాలి.

ఇంతవరకూ చెప్పింది సమానస్థాయిలో వున్న ఇద్దరి గురించి. సమానత్వం లేనిచోట ఎంత మర్యాదగా రాసినా ఒత్తిడి పోదు. హాజరు వేసేవాడు, గౌరవ వేతనం బిల్లు మీద సంతకం పెట్టేవాడు, హాస్టల్లో సీటు ఇవ్వగలిగేవాడు ‘తొందరేమీ లేదు, ఇష్టమైతేనే’ అని రాసినా ఆమె చదివేది ఆ సంతకాన్నే. ఏజెన్సీలో దీనికి ఇంకో పొర వుంది. గిరిజనేతరులు ఆదివాసీ భూమి కొనకుండా 1970లో వచ్చిన ఒకటవ రెగ్యులేషన్, మనం 1/70 అని పిలుచుకునే చట్టం, అడ్డుపడింది. ఆ అడ్డు తప్పించుకోవటానికి ఆదివాసీ స్త్రీని చేసుకుని ఆమె పేరున భూమి సంపాదించిన సందర్భాలు మనకి తెలుసు. కిందనుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగమో వ్యాపారమో చేసే ప్రతి అబ్బాయినీ అనుమానించమని చెప్పటం లేదు. కానీ వాళ్ళ పలకరింపుకి వుండే బరువు వేరని అమ్మాయికీ తెలియాలి, వాళ్ళకీ తెలియాలి.

ఈ మాట మన సంస్థలకి కూడా వర్తిస్తుంది. జిల్లా సమన్వయకర్త మండలంలో పనిచేసే వాలంటీరుకి మీటింగు అయిన సాయంత్రం ‘మీతో మాట్లాడటం బాగుంది’ అని రాస్తే అది పైన చెప్పిన నాలుగు వాక్యాల మెసేజ్ కాదు. పని స్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం జీతం తీసుకునేవారినే కాదు, జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారిని కూడా ఉద్యోగులుగానే చూస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ వుండి తీరాలి. అంతకంటే చిన్న సంస్థలకి జిల్లాలో స్థానిక కమిటీ వుంటుంది. మన సంస్థలో ఆ కమిటీ వుందా, దాని సభ్యుల పేర్లు వాలంటీర్లకి తెలుసా అని ముందు చూసుకుని, ఆ తర్వాత యువకులకి పాఠం చెప్పటానికి వెళితే బాగుంటుంది. పద్దెనిమిదేళ్ళు నిండని అమ్మాయిల విషయం వేరు. అక్కడ పోక్సో చట్టం వుంది, అక్కడ ‘ఇష్టమైతే’ అన్న మాటకి చట్టంలో చోటు లేదు. శిక్షణల్లో ఈ రెండు వయసుల వాళ్ళనీ కలిపి కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పకూడదు.

ఎక్కడ ఆగాలో చట్టం చెప్పింది. ఎలా మొదలుపెట్టాలో చెప్పటం చట్టం పని కాదు. అది మన పని, దాన్ని మనం ఇంతవరకూ తలకెత్తుకోలేదు. డిగ్రీ కాలేజీలోనో, ఐ.టి.ఐ.లోనో అబ్బాయిల్ని, అమ్మాయిల్ని కూర్చోబెట్టి పైన రాసిన ఆరు మెసేజ్‌లూ బల్ల మీద పెట్టి, ఇందులో ఎక్కడెక్కడ ఆమెని తరుముతున్నాడో గీత గియ్యమని అడగొచ్చు. ఆ తర్వాత ఎవరి మెసేజ్ వాళ్ళని రాయమనొచ్చు. రాసినవాటిని మూడు ప్రశ్నలతో చూసుకోవచ్చు. ఈ రాత్రే జవాబు చెప్పకపోతే ఇందులో ఏదైనా చెడిపోతుందా? ఇంట్లో వేరేవాళ్ళు చదివితే ఆమెకి కష్టం వస్తుందా? ఆమె కాదంటే నన్ను వోదార్చాల్సిన పని ఆమె మీద పడుతుందా? మూడింటికీ ‘లేదు’ అని జవాబు వచ్చిన మెసేజ్ పంపొచ్చు. పంపాక ఫోను జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాలి. సంత రావటానికి ఇంకా వారం వుంది.